ఒకటిన్నర గ్లాసుకే ఆ మత్తు ఎలా వచ్చింది?

ప్రశ్న: మేడమ్, శనివారం రాత్రి తెలిసినవాళ్ల ఫ్లాట్‌లో బర్త్‌డే పార్టీకి వెళ్లాం. నా రూమ్మేట్‌కి 24 ఏళ్లు. ఎప్పుడో తప్ప తాగదు. ఆ రోజు ఆరెంజ్ జ్యూస్‌లో వోడ్కా, ఒకటిన్నర గ్లాసు. పదింటికి బాగానే డాన్స్ చేసింది, పదిన్నరకల్లా మాట ముద్దగా అయిపోయి నిలబడలేకపోయింది. మధ్యలో ఒక 40 నిమిషాలు నాకు కనిపించలేదు, తర్వాత లోపలి గదిలో పడుకుని ఉంది. ఎక్కువైందేమో అని నిమ్మరసం తాగించాను, షవర్ కింద కూర్చోబెట్టాను, క్యాబ్‌లో రూమ్‌కి తెచ్చాను. క్యాబ్‌లో నాతో మాట్లాడింది, మెట్లు కూడా తనే ఎక్కింది. ఆదివారం మధ్యాహ్నం లేచి, డాన్స్ తర్వాత ఏమీ గుర్తులేదంటోంది. ఈరోజు సోమవారం సాయంత్రం. ఏమైనా కలిపారా? ఇప్పుడు టెస్ట్ చేయిస్తే తెలుస్తుందా? నేను చేసింది తప్పా? ఇంట్లో తెలియకూడదు అంటోంది.
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు, ముందు ఈ రాత్రే తనని తీసుకుని ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. రేపు ఆఫీసు అయ్యాక వెళ్దాం అనుకోవద్దు. ఇలాంటి కేసుల్లో యూరిన్ 5 రోజుల వరకూ, రక్తం 3 రోజుల వరకూ తీసుకోవచ్చు. మీ లెక్కలో శనివారం రాత్రి పదిన్నర అంటే రక్తానికి మంగళవారం రాత్రి దాకా, యూరిన్‌కి గురువారం రాత్రి దాకా గడువు ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ అది ఆఖరి గడువే, అప్పటిదాకా ఆగొచ్చని కాదు. బాత్రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఒంట్లోని మందు కొంత బయటికి పోతుంది, చివరికి మెషిన్‌కి అందనంత తక్కువ మిగులుతుంది. కొన్ని మందులైతే ఇప్పటికే పోయి ఉంటాయి. జీహెచ్‌బీ అనే మత్తు ద్రవం యూరిన్‌లో దాదాపు 12 గంటలే దొరుకుతుంది, అంటే మీ ఫ్రెండ్ ఆదివారం మధ్యాహ్నం లేచే వేళకే దాని గడువు దాటిపోయింది. షవర్ కింద కూర్చోబెట్టి సాక్ష్యం పోగొట్టానేమో అని భయపడుతున్నట్టున్నారు. నీళ్లు పోసింది ఒంటి మీద, మందు ఉండేది రక్తంలో. మందు పరీక్షకీ షవర్‌కీ సంబంధం లేదు.

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ థియేటర్లో నేను రోజూ ఇచ్చే మందులకూ, ఇలా గ్లాసుల్లో కలిపే వాటికీ చాలావరకు చుట్టరికమే. అందుకే మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట 'ఒకటిన్నర గ్లాసు' కాదు. 'క్యాబ్‌లో నాతో మాట్లాడింది, మెట్లు కూడా తనే ఎక్కింది' అన్న మాట.

ఎండోస్కోపీ లాంటి చిన్న ప్రొసీజర్లకి ముందు మేం మిడజోలం అనే మందు నరానికి ఇస్తాం. ఇచ్చిన రెండు మూడు నిమిషాల తర్వాత కూడా పేషెంటు మాట్లాడతారు. 'అమ్మా, ఎడమ పక్కకి తిరగండి' అంటే తిరుగుతారు, పిల్లలెంతమంది అంటే పేర్లతో సహా చెబుతారు, గొట్టం వేస్తుంటే నోరు తెరుస్తారు. అంతా అయ్యాక అరగంటకి కళ్లు తెరిచి, 'ఇంకా మొదలుపెట్టలేదా మేడమ్?' అని అడుగుతారు. ఆవిడ అబద్ధం ఆడటం లేదు, మర్చిపోలేదు కూడా. ఆ అరగంట ఆవిడ మెదడులో అసలు రాసుకోలేదు. రాసుకోనిది ఎంత గుచ్చి గుచ్చి అడిగినా బయటికి రాదు.

ఇదెలా జరుగుతుందో కాస్త చెబుతాను, ఎందుకంటే మిగతా అంతా దీని మీదే నిలబడి ఉంది. మెదడు కణాల గోడల్లో చెరువుకి తూముల్లాంటివి ఉంటాయి. గాబా అనే రసాయనం వచ్చి తగిలితే ఆ తూము తెరుచుకుని క్లోరైడ్ లోపలికి వస్తుంది, కణం కాసేపు నెమ్మదిస్తుంది. మనకి నిద్ర, నిమ్మళం అన్నీ దీని చలవే. మిడజోలం, అల్ప్రాజోలం, క్లోనజిపాం, లోరజిపాం, డయజిపాం లాంటి బెంజోడయాజిపైన్ మందులన్నీ ఆ తూము పక్కనే కూర్చుని, గాబా తగిలినప్పుడల్లా అది మామూలుకన్నా ఎక్కువసార్లు తెరుచుకునేలా చేస్తాయి. ముందు బెరుకు పోతుంది, తర్వాత కొత్త జ్ఞాపకాలు రాసుకునే చోటు మూతపడుతుంది, తర్వాత మాట, నడక, చివరికి స్పృహ. ఈ వరుస అందరిలో ఒకేలా ఉండదు గానీ, జ్ఞాపకం మూతపడ్డాక కూడా మనిషి నడుస్తూ, నవ్వుతూ, 'ఆ, సరే' అంటూ ఉండటం మాత్రం చాలా మామూలు. బయటివాళ్లకి 'కాస్త ఎక్కువైంది' అన్నట్టే కనిపిస్తుంది. పక్కన ఉన్నవాడు ఎటు తీసుకెళితే అటు వెళ్లిపోతుంది కూడా.

ఇప్పుడు ఆల్కహాల్ కూడా దాదాపు అదే తూముల దగ్గర పనిచేస్తుంది, మెదడుని ఉత్సాహపరిచే ఇంకోవైపు వ్యవస్థని కూడా అణిచేస్తుంది. రెండూ కలిస్తే ఒకటికి ఒకటి రెండు అన్న లెక్క కుదరదు. విడిగా తీసుకుంటే నిద్రతో సరిపోయే మందు, మద్యం మీద పడితే ఊపిరి తీసుకోమని చెప్పే మెదడు భాగాన్ని కూడా జోకొడుతుంది. మనుషులు చనిపోయేది ఇక్కడే.

ఇక ఏమైనా కలిపారా అంటే, ఉత్తరం చూసి అవునని చెప్పలేను, కాదని అస్సలు చెప్పను. అనుమానించాల్సిన మొదటి గుర్తు, తాగిన దానికీ మత్తుకీ పొంతన లేకపోవడం. మద్యం మత్తు గ్లాసు గ్లాసుకీ మెట్లెక్కినట్టు పెరుగుతుంది, పక్కనున్నవాళ్లకి ఆ పెరుగుదల తెలుస్తూనే ఉంటుంది. మీ ఫ్రెండ్ పదింటికి డాన్స్ చేసి పదిన్నరకి నిలబడలేకపోయింది. కలిపిన మందులు సాధారణంగా పావుగంట నుంచి గంట లోపు పని మొదలుపెడతాయి కాబట్టి ఆ అరగంట దానికి సరిపోతుంది. బెంజోల్లో మాట ముద్దగా అవుతుంది, కనురెప్పలు వాలిపోతాయి, కాళ్లు దూదిలా అవుతాయి, మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేరు. జీహెచ్‌బీ అయితే అకస్మాత్తుగా కూలబడి, వాంతులై, కొన్ని గంటలకి అంతే అకస్మాత్తుగా లేచి కూర్చుంటారు. కెటమిన్ అనే మత్తుమందు దారి వేరు, అది గాబా తూముల మీద కాదు, ఇంకో చోట పనిచేస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం మన మీద ఉండదు, ఒంటికీ తనకీ సంబంధం లేనట్టు బొమ్మలా ఉండిపోతారు. మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం మొదటి రకం మీదకే పోతోంది. కానీ ఖాళీ కడుపుతో గబగబా తాగిన మద్యం కూడా జ్ఞాపకాన్ని ఇలాగే చెరిపేస్తుంది, కాబట్టి గుర్తులేకపోవడం ఒక్కటే రుజువు కాదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఇలా కలిపేవాటిలో ఎక్కువసార్లు కనిపించేది మందుబిళ్ల కాదు, మద్యమే. జ్యూస్‌లో ఒక పెగ్ అని చెప్పి మూడు పెగ్గులు పోస్తారు, తీపి వల్ల నాలుక్కి తెలియదు. లాంగ్ ఐలాండ్ ఐస్ టీ అని ఒకటి ఉంది, పేరు టీ, లోపల వోడ్కా, రమ్ము, జిన్ను, టెకీలా అన్నీ ఉంటాయి. కొత్తగా తాగేవాళ్లు దాన్ని నిజంగా టీ అనుకున్న సంగతులు నాకు తెలుసు. ఆమె గ్లాసులో ఎంత పోశారో మీరు చూశారా? చూడకపోతే 'ఒకటిన్నర గ్లాసు' అన్నది కొలతే కాదు. చెప్పకుండా ఎక్కువ పోసినా అది కూడా కలపడమే.

ఈ మందులు ఎక్కడో విదేశాల నుంచి రావాలని కూడా అనుకోవద్దు. సినిమాల వల్ల అందరికీ రోహిప్నాల్ అనే నిద్రమాత్ర పేరే తెలుసు, గ్లాసులో కలిపితే కనిపెట్టగలిగేలా దానికి కంపెనీవాళ్లు 1990ల చివర్లో నీలం రంగు వేసి నెమ్మదిగా కరిగేలా మార్చారు కూడా. మన దగ్గర తెలంగాణలో అల్ప్రాజోలం ఏమిటో కల్లు దుకాణాల పుణ్యమా అని పల్లెల్లో కూడా తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క వణుకుతో, ఫిట్స్‌తో ఎర్రగడ్డ ఆసుపత్రికి క్యూ కట్టినవాళ్లలో చాలామందికి అలవాటైపోయింది కల్లు కాదు, అందులో కలిపిన మత్తుమందు. అపరిచితులు ఇచ్చే బిస్కెట్లు, టీ తీసుకోవద్దని రైల్వేవాళ్లు మొత్తుకునేదీ ఈ కుటుంబపు మందుల గురించే. రంగు, రుచి, వాసన చూసి పసిగట్టగలం అన్న ధీమా మాత్రం పెట్టుకోవద్దు.

మీరు చేసింది తప్పా అని అడిగారు. ఒంటరిగా వదిలేయకుండా ఇంటికి తెచ్చారు, అది పెద్ద పని. నిమ్మరసం, షవర్ మాత్రం ప్రమాదం, అదృష్టం బాగుండి గట్టెక్కారు. మామూలుగా నీళ్లు అడ్డదారిన పోతే మనకి పొలమారుతుంది, దగ్గి బయటికి తోసేస్తాం. మత్తులో ఉన్నవాళ్లకి పొలమారదు. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, ఏది పోసినా చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి దిగిపోవచ్చు. గొంతులో వేలు పెట్టి కక్కించడం దానికన్నా ఘోరం. పైగా ఇవేవీ రక్తంలోని మందుని ఒక్క చుక్క కూడా తగ్గించవు, మద్యాన్ని కాలేయం తన లెక్క ప్రకారం గంట గంటకీ కొంచెం కొంచెంగానే కరిగిస్తుంది. చన్నీళ్లు పోస్తే ఒళ్లు చల్లబడుతుంది, బాత్రూంలో జారిపడి తల పగిలే అవకాశం అదనం.

మరి ఏం చేయాలి? మళ్లీ ఎప్పుడైనా, ఎవరికైనా ఇలా అయితే ముందు పేరు పెట్టి గట్టిగా పిలవండి, మెడకీ భుజానికీ మధ్య కండని గట్టిగా నొక్కండి. కళ్లు తెరిచి సరిగ్గా జవాబు చెబితే కూర్చోబెట్టి పక్కనే ఉండండి. మూలిగి మళ్లీ పడిపోతే, లేదా అసలు పలక్కపోతే, వెంటనే 108. అంబులెన్స్ వచ్చేలోపు తనని వెల్లకిలా ఉంచకూడదు, వెల్లకిలా ఉన్న మనిషి వాంతి చేసుకుంటే అది నేరుగా లోపలికే పోతుంది. పక్కకి తిప్పడం ఒకసారి చేసి చూస్తే మర్చిపోరు. తన ఎడమ వైపు మోకాళ్ల మీద కూర్చోండి. మీ వైపున్న చేతిని భుజానికి సమంగా నేల మీద చాపండి. అవతలి చేతిని ఛాతీ మీదుగా తెచ్చి, ఆ చేతి వెనక భాగం మీ వైపు చెంపకి ఆనేలా పట్టుకోండి. ఇంకో చేత్తో అవతలి మోకాలు మడిచి పైకెత్తి, ఆ మోకాలిని మీ వైపు లాగండి, ఒళ్లంతా దానంతటదే మీ వైపు దొర్లుతుంది. గడ్డం కాస్త పైకెత్తి, నోరు నేల వైపు ఉండేలా చూడండి. అయిపోయింది, ఇరవై సెకన్ల పని. మీ రూమ్‌లో ఇవాళే ఒకరి మీద ఒకరు చేసి చూసుకోండి.

తర్వాత ఊపిరి లెక్కపెట్టండి. ఫోన్‌లో 30 సెకన్లు పెట్టి, పొట్ట పైకి లేచినప్పుడల్లా ఒకటి, ఆ లెక్కని రెండుతో హెచ్చించండి. మామూలు మనిషికి నిమిషానికి 12 నుంచి 20. అది 8కి తగ్గినా, రెండు ఊపిర్ల మధ్య 10 సెకన్లు ఖాళీ వచ్చినా, పెదవులు నీలంగా మారినా అది నిద్ర కాదు, 108కి మళ్లీ చేసి ఆ మాటే చెప్పండి. 'గురక పెట్టి హాయిగా పడుకుంది' అన్న మాట వింటే నాకు గుండె జారుతుంది, ఎందుకంటే గరగరమనే కొత్త గురక వచ్చిందంటే నాలుక వెనక్కి జారి దారికి అడ్డుపడుతోందన్నమాట. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే వేలికి పెట్టండి గానీ, అంకె బాగుందని లెక్కపెట్టడం మానొద్దు. ఊపిరి తగ్గిన కాసేపటికి గానీ ఆ అంకె పడదు. ఊపిరి పూర్తిగా ఆగితే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కుతూనే ఉండండి.

పడుకోబెట్టి తలుపేసుకుని వెళ్లిపోవడం ఎందుకు కూడదంటే, కడుపులో మిగిలిన మందు ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. అల్ప్రాజోలం మింగిన గంట, రెండు గంటలకి గానీ తారస్థాయికి చేరదు. పదిన్నరకి కనిపించిన మత్తు కన్నా పదకొండున్నర మత్తు లోతుగా ఉండొచ్చు. ఇంకో మాట, మత్తు అని అందరూ అనుకున్నది షుగర్ పడిపోవడమో, తలకి దెబ్బ తగలడమో కావచ్చు, అంబులెన్స్‌లో ముందు షుగర్ చూసేది అందుకే.

ఇక ఈ రాత్రి సంగతి. ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళితే పోలీసు కేసుకి పనికొచ్చేలా శాంపిల్ తీసి, సీలు వేసి, ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపే పద్ధతి వాళ్లకి అలవాటు ఉంటుంది. బయట ల్యాబ్‌లో యూరిన్ స్ట్రిప్ పరీక్ష చేయించుకుని 'నెగెటివ్ వచ్చింది, ఏమీ లేదు' అని తేల్చేసుకోవద్దు, ఆ స్ట్రిప్పులు లోరజిపాం, క్లోనజిపాం లాంటివాటిని చాలాసార్లు పట్టుకోలేవు. దారిలో ఆగలేక బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తే మెడికల్ షాపులో దొరికే యూరిన్ డబ్బాలో పట్టి, మూత బిగించి, టైము రాసి తీసుకెళ్లండి. ఆసుపత్రిలో సీలు వేసినదానికున్నంత విలువ కోర్టులో దానికి ఉండదు, అయినా పారబోసిన దానికంటే నయమే. ఆ రాత్రి బట్టలు ఉతక్కపోతే అలాగే కాగితపు కవర్లో పెట్టండి, ప్లాస్టిక్‌లో తడి పట్టి పాడవుతాయి.

ఆ 40 నిమిషాల గురించి మీరు ఒక వాక్యంలో దాటేశారు గానీ నేను దాటేయలేను. ఏం జరిగిందో తనకి తెలియదు, మీకూ తెలియదు. అందుకే లైంగిక దాడి జరిగి ఉండొచ్చన్న అనుమానం డాక్టర్‌కి విడిగా, మీ నోటితో కాదు, తన నోటితో చెప్పనివ్వండి. గర్భం రాకుండా వేసుకునే మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత పనిచేస్తుంది. హెచ్ఐవీ రాకుండా 28 రోజులు వాడే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, మీకు ఆ గడువు మంగళవారం రాత్రి పదిన్నర. ఇలాంటి కేసులో వైద్యానికి ఎఫ్ఐఆర్ ముందుగా ఉండాల్సిన పనిలేదు, ప్రైవేటు ఆసుపత్రి అయినా డబ్బు అడగకుండా వైద్యం చేయాలని చట్టమే చెబుతోంది. ఆసుపత్రివాళ్లు పోలీసులకి సమాచారం ఇస్తారు, అది వాళ్ల బాధ్యత. కేసు వద్దనుకుంటే ఆ మాట తను రాసివ్వొచ్చు, అందువల్ల వైద్యం ఆగదు. 24 ఏళ్ల మనిషి, అమ్మానాన్నల సంతకం ఎవరూ అడగకూడదు. ఇంట్లో తెలియకుండా అవుతుందా అన్న టెన్షన్‌తో ఆసుపత్రే మానేయడం మాత్రం వద్దు.

దాడి ఏదీ జరగలేదని తేలినా, నేరం చేసే ఉద్దేశంతో మత్తుమందు ఇవ్వడమే భారతీయ న్యాయ సంహిత 123వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష పడే నేరం. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి, మా పరిధి కాదు అనకూడదు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. స్టేషన్‌కి నేరుగా వెళ్లడానికి జంకితే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి సఖి కేంద్రం అడగండి, తెలంగాణలో భరోసా కేంద్రాలు కూడా ఉన్నాయి. అపార్ట్‌మెంట్ సీసీ కెమెరాల్లో పాతది కొన్నాళ్లకి చెరిగిపోతుంది కాబట్టి, ఫిర్యాదు చేసేట్టయితే ముందు అడగాల్సింది ఆ ఫుటేజీ.

మీ వంతు పని ఒకటుంది. తనతో 'అప్పుడు వాడొచ్చాడు కదా, నువ్వు నవ్వావు కదా' అని ఆ రాత్రిని మీరు కూర్చి చెప్పొద్దు. ఖాళీ ఉన్న చోట మనం చెప్పిందే జ్ఞాపకంలా అతుక్కుంటుంది, రేపు తనకి ఏది తనది, ఏది మీది అన్నది తెలియకుండా పోతుంది. మీకు గుర్తున్నది మీరు విడిగా కాగితం మీద టైములతో రాసుకోండి, గ్లాసు ఎవరు తెచ్చిచ్చారు, ఎవరు పోశారు, ఎన్నింటికి కనిపించలేదు, ఏ గదిలో దొరికింది, క్యాబ్ ఎన్నింటికి ఎక్కారు. ఫోన్‌లో మెసేజ్‌లు, ఫొటోలు ఏవీ డిలీట్ చేయొద్దు, సిగ్గుపడాల్సినవనిపించినా సరే.

క్యాజువాలిటీకి వెళ్లేటప్పుడు ఆ కాగితంతో పాటు, తన బ్యాగులో ఉన్న టాబ్లెట్ స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి, జలుబుకి వేసుకున్న సెట్రిజిన్‌తో సహా. ఆ రోజు అది వేసుకుని ఉంటే మద్యం మీద అది కూడా మత్తు పెంచుతుంది. నిద్రమాత్రలేమైనా తనే వాడుతూ ఉంటే ఆ సంగతి ముందే డాక్టర్‌కి చెప్పకపోతే, ల్యాబ్‌లో అది దొరికి అసలు లెక్కే తారుమారవుతుంది.